టెన్యూర్ ట్రాక్ అంటే పర్మనెంటేనా? ఒక యూనివర్సిటీ ప్రకటనను చదివి చూద్దాం

అమెరికాలో పోస్ట్‌డాక్ చేస్తూ ప్రొఫెసర్ ఉద్యోగాల కోసం వెతికేవాళ్లకు ఆగస్టు చివరి నుంచి డిసెంబరు దాకా దరఖాస్తుల కాలం. ఆ నెలల్లో ఇంటికి ఫోన్ చేస్తే మాట చివరికి ఒక ప్రశ్న దగ్గరికే వస్తుంది. నన్నూ మా నాన్న అదే అడిగారు.

"అది పర్మనెంటేనా?"

"టెన్యూర్ ట్రాక్ నాన్నా."

"సరే, అది పర్మనెంటేనా కాదా?"

"ఆరేళ్ల తర్వాత తెలుస్తుంది."

"ఆరేళ్ల ప్రొబేషన్ ఎక్కడైనా ఉంటుందట్రా!"

నాన్న ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆయనకు ఉద్యోగాలు రెండే రకాలు: పర్మనెంటు, కాంట్రాక్టు. టెన్యూర్ ట్రాక్ ఈ రెంటిలో దేనిలోనూ సరిగ్గా ఇమడదు. అందుకే ఆ మాట ఉన్న ప్రకటన చూసినప్పుడు పెద్దవాళ్లే కాదు, పీహెచ్‌డీ చేసినవాళ్లు కూడా తికమక పడతారు. ఆ మాట పుట్టి పెరిగిన అమెరికా యూనివర్సిటీలనే తీసుకుని, ఒక ప్రకటనలోని వాక్యాలు నిజంగా ఏం చెబుతాయో చూద్దాం.

## టెన్యూర్ వేరు, టెన్యూర్ ట్రాక్ వేరు

టెన్యూర్ అంటే గడువు లేని నియామకం. అది వచ్చాక యూనివర్సిటీ ఒక ప్రొఫెసర్ని ఇష్టం వచ్చినట్టు తీసేయలేదు. తీసేయాలంటే తగిన కారణం చూపి, విచారణ జరిపి, ఆ మనిషి వాదన వినాలి. లేదా సంస్థ మనుగడకే ముప్పు వచ్చేంత ఆర్థిక సంక్షోభం ఉందనో, ఆ కోర్సునే మూసేస్తున్నామనో చూపించాలి.

టెన్యూర్ ట్రాక్ అంటే టెన్యూర్ ఉన్న ఉద్యోగం కాదు. ఫలానా గడువులోగా మీకు టెన్యూర్ ఇవ్వాలో వద్దో తప్పకుండా పరిశీలిస్తాం అనే హామీతో వచ్చే ఉద్యోగం. హామీ పరిశీలనకే, ఫలితానికి కాదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే ప్రకటనలో మిగతా చిక్కుముళ్లు చాలావరకు విడిపోతాయి.

ఈ పద్ధతికి మూలం అమెరికా ప్రొఫెసర్ల సంఘం. 1900లో స్టాన్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ రాస్ అనే ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ అభిప్రాయాలు అక్కడి వ్యవస్థాపకుల్లో ఒకరైన జేన్ స్టాన్‌ఫర్డ్‌కు నచ్చక ఆయన ఉద్యోగం పోయింది. అలాంటి గొడవల నేపథ్యంలో 1915లో ఏఏయూపీ అనే ఈ ప్రొఫెసర్ల సంఘం ఏర్పడింది. 1940లో ఆ సంఘం కాలేజీల సంఘంతో కలిసి ఒక ప్రకటన విడుదల చేసింది. పరీక్షా కాలం ఏడేళ్లు దాటకూడదని, టెన్యూర్ ఇవ్వకపోతే ఆ కాలం ముగియడానికి కనీసం ఏడాది ముందే చెప్పాలని అందులో ఉంది. అది చట్టం కాదు. కానీ చాలా యూనివర్సిటీల నియమావళులు దాన్ని చూసి రాసుకున్నవే. నేను నాన్నకు చెప్పిన "ఆరేళ్లు" అక్కడి నుంచే వచ్చింది: ఆరో ఏట తేలుస్తారు, కాదంటే ఏడో ఏడు మిగులుతుంది.

## మన ప్రొబేషన్ లాంటిది కాదు

మన దేశంలో యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ప్రొబేషన్ ఒక ఏడాది. అవసరమైతే ఇంకో ఏడాది పొడిగించవచ్చు. అక్కడ అసలు వడపోత నోటిఫికేషన్, ఇంటర్వ్యూ దశలోనే అయిపోతుంది. చేరాక పెద్ద తప్పేదీ లేకపోతే రెగ్యులరైజ్ అవుతారనే అందరూ అనుకుంటారు. ప్రొబేషన్‌లో చూసేది "ఈ మనిషిని తీసేయడానికి కారణం ఏమైనా ఉందా?" అని.

టెన్యూర్ ట్రాక్‌లో ప్రశ్న తిరగబడుతుంది. "ఈ మనిషిని ముప్పై ఏళ్లు ఉంచుకోవడానికి కారణం ఉందా?" అని అడుగుతారు. ఉందని చూపించాల్సిన బాధ్యత అభ్యర్థిది. పాఠాలు బాగా చెప్పి, ఎవరితోనూ గొడవ పడకుండా, మంచివాడనిపించుకున్నంత మాత్రాన సరిపోదు.

చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఓష్‌కోష్ క్యాంపస్‌లో డేవిడ్ రాత్ అనే అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని 1968లో ఒక ఏడాది కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ఏడాది తర్వాత కారణం చెప్పకుండా కొనసాగించబోమన్నారు. ఆయన కోర్టుకు వెళ్లాడు. 1972లో అమెరికా సుప్రీంకోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. గడువు ముగిసిన కాంట్రాక్టును పొడిగించకపోతే, దాని మీద విచారణ కోరే రాజ్యాంగ హక్కు ఆయనకు లేదంది. టెన్యూర్ ఉన్నవాళ్లకు ఆ ఉద్యోగం ఆస్తి హక్కు లాంటిదని, దాన్ని తీసుకోవాలంటే విచారణ తప్పదని కూడా అదే తీర్పుతో స్పష్టమైంది.

టెన్యూర్ ట్రాక్‌లో ఉన్నవాళ్లకు ఆ ఆస్తి ఇంకా చేతికి రాలేదు. వాళ్ల చేతిలో ఉండేది చాలాచోట్ల ఏడాదికోసారో మూడేళ్లకోసారో పొడిగించే కాంట్రాక్టు. ఆరేళ్లు నిండకుండానే పంపేయవచ్చు. కాకపోతే ముందుగా చెప్పాలి. ఏఏయూపీ ప్రమాణం ప్రకారం మొదటి ఏడాదిలో అయితే మార్చి 1లోగా, రెండో ఏడాదిలో డిసెంబరు 15లోగా, ఆ తర్వాత అయితే పన్నెండు నెలల ముందు చెప్పాలి.

## ప్రకటన ఇలా ఉంటుంది

కింది ప్రకటన ఏ ఒక్క యూనివర్సిటీదీ కాదు. ఇలాంటివి ఎన్నో చదివి, వాటి పోలికలన్నీ కలిపి నేను తయారు చేసినది.

> సివిల్ ఇంజనీరింగ్ విభాగంలో నీటి వనరుల రంగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్, టెన్యూర్ ట్రాక్. తొమ్మిది నెలల అకడమిక్ ఇయర్ నియామకం, 2026 ఆగస్టు 16 నుంచి. ఎంపికైనవారు బయటి నిధులతో నడిచే స్వతంత్ర పరిశోధనను నెలకొల్పాలి, డిగ్రీ, పీజీ స్థాయిల్లో బోధించాలి, విభాగానికీ వృత్తికీ సేవ చేయాలి. తగిన అర్హతలున్నవారిని అసోసియేట్ ప్రొఫెసర్ స్థాయిలో కూడా పరిశీలిస్తాం.

దీన్ని చదివే మనిషిని కూడా ఊహించుకుందాం. వరంగల్‌లో బీటెక్, అమెరికాలో పీహెచ్‌డీ, ఇప్పుడు పోస్ట్‌డాక్ రెండో ఏడాది. చెరువులు, వరదల మీద పని చేస్తోంది. వయసు 31. ఈ ఉద్యోగం వచ్చిందనే అనుకుందాం.

"పరిశోధన, బోధన, సేవ" అనే మూడు మాటలు ప్రకటనలో పక్కపక్కనే, సమానంగా కనిపిస్తాయి. నిజానికి అవి సమానం కావు, చోటును బట్టి వాటి బరువు మారుతుంది. పరిశోధన ప్రధానమైన యూనివర్సిటీలో ఏడాదికి రెండు మూడు కోర్సులు చెప్పమంటారు. అక్కడ బోధన మరీ పేలవంగా ఉంటే నష్టం, అద్భుతంగా ఉన్నా పరిశోధన లేకపోతే లాభం లేదు. డిగ్రీ విద్యార్థులే ఎక్కువగా ఉండే కాలేజీలో సెమిస్టర్‌కు మూడో నాలుగో కోర్సులు ఉంటాయి, అక్కడ క్లాసురూమే ముఖ్యం. సేవ అంటే కమిటీలు. ఎక్కడైనా అది చేయాల్సిందే, ఎక్కడా దానివల్ల మాత్రమే టెన్యూర్ రాదు. కోర్సుల సంఖ్య ప్రకటనలో లేకపోతే, విభాగం వెబ్‌సైట్లో ఉండే ప్రమోషన్ మార్గదర్శకాల్లో ఆ బరువుల సంగతి చాలావరకు తెలుస్తుంది.

ఇక "బయటి నిధులతో" అన్న చిన్న మాట. మొత్తం ప్రకటనలో బరువైన మాట అదే. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

## ఆరేళ్లు అన్నది నిజానికి ఐదే

ఆగస్టు 2026లో చేరితే లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం. 2026-27 మొదటి ఏడాది. మూడో ఏడాది, అంటే 2028-29లో, మధ్యంతర సమీక్ష ఉంటుంది. విభాగంలోని టెన్యూర్ ఉన్న ప్రొఫెసర్లు అప్పటిదాకా చేసిన పని చూసి, దారిలో ఉన్నారో లేదో రాతపూర్వకంగా చెబుతారు. బాగా లేదనుకుంటే ఇక్కడే కొనసాగింపు ఆగిపోవచ్చు.

అసలు పరీక్ష ఆరో ఏడాది, 2031-32లో. కానీ దాని పని 2031 వేసవిలోనే మొదలవుతుంది. అభ్యర్థి పేపర్లు, గ్రాంట్లు, బోధన వివరాలు, తన పని గురించి రాసుకున్న వివరణ అన్నీ కలిపి ఒక ఫైలు తయారవుతుంది. విభాగం దాన్ని బయటి యూనివర్సిటీల్లో అదే రంగంలో పేరున్న ప్రొఫెసర్లకు పంపి అభిప్రాయం అడుగుతుంది. ఇలాంటి ఉత్తరాలు ఐదారు నుంచి పది దాకా తెప్పిస్తారు. రాసేవాళ్లు అభ్యర్థికి గైడు గానీ, కలిసి పేపర్లు రాసినవాళ్లు గానీ కాకూడదనేది మామూలు నియమం. ఆ ఉత్తరాలతో ఫైలు విభాగం ఓటుకు, హెడ్ దగ్గరికి, కాలేజీ కమిటీకి, డీన్‌కు, యూనివర్సిటీ చదువుల వ్యవహారాలన్నీ చూసే ప్రొవోస్ట్‌కు వెళ్లి, చివరికి పాలక మండలి ముందుకు చేరుతుంది. 2032 వసంతంలో ఫలితం వస్తుంది. వస్తే ఆగస్టు నుంచి టెన్యూర్‌తో అసోసియేట్ ప్రొఫెసర్. రాకపోతే 2032-33 చివరి ఏడాది, ఆ తర్వాత వెళ్లిపోవాలి. పాత హోదాలోనే ఇంకో పదేళ్లు కొనసాగుతానంటే కుదరదు.

బయటి ఉత్తరాలు రాసేవాళ్లు చూసేది 2031 వేసవి నాటికి అచ్చయినవాటినే. అంటే చేతిలో ఉన్నది ఐదేళ్లు. అందులో మొదటి ఏడాది ల్యాబ్ సర్దుకోవడం, కొత్త కోర్సులకు పాఠాలు తయారు చేసుకోవడంతోనే గడుస్తుంది. ఆగస్టులో చేరిన మనిషి ఆ చలికాలం అడ్మిషన్లలో విద్యార్థిని ఎంచుకుంటే, ఆ విద్యార్థి వచ్చేది 2027 ఆగస్టులో. పీహెచ్‌డీకి ఐదేళ్లు వేసుకుంటే 2032లో పూర్తవుతుంది. తన మొదటి విద్యార్థి థీసిస్ సమర్పించే రోజుకి గైడు భవిష్యత్తు తేలిపోయి ఉంటుంది! పోస్ట్‌డాక్‌లో సగం రాసి పెట్టుకున్న పేపర్లకు అందుకే అంత విలువ. అవి మొదటి రెండేళ్ల ఖాళీని నింపుతాయి. కానీ పాత గైడు పేరుతో వచ్చే పేపర్లను "స్వతంత్ర పరిశోధన" కింద లెక్కవేయడానికి కమిటీలు వెనకాడతాయి. ప్రకటనలో "స్వతంత్ర" అని రాసింది ఊరికే కాదు.

ఈ గడియారాన్ని ఆపే వీలూ ఉంది. బిడ్డ పుట్టినా, తీవ్రమైన జబ్బు చేసినా చాలా యూనివర్సిటీలు ఒక ఏడాది కలుపుతాయి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఎన్నో చోట్ల అందరికీ ఒక ఏడాది ఇచ్చారు. వినడానికి ఇందులో అభ్యంతరం పెట్టాల్సిందేమీ లేదు. కానీ అమెరికాలోని పేరున్న ఆర్థికశాస్త్ర విభాగాల మీద 2018లో వచ్చిన ఒక అధ్యయనం చికాకు పెట్టే విషయం తేల్చింది. బిడ్డ పుడితే తల్లికీ తండ్రికీ సమానంగా ఏడాది ఇచ్చే విధానం వచ్చాక, మొదటి ఉద్యోగంలోనే టెన్యూర్ పొందిన మగవాళ్లు పెరిగారు, ఆడవాళ్లు తగ్గారు. మగవాళ్లు ఆ అదనపు కాలంలో పెద్ద జర్నళ్లలో ఎక్కువ పేపర్లు వేశారు. ఆడవాళ్ల విషయంలో అలా జరగలేదు. మన 31 ఏళ్ల అభ్యర్థికి ఫైలు పంపే నాటికి 36 ఏళ్లు నిండుతాయి. పిల్లల విషయం ఆలోచించే వయసూ, పేపర్లు లెక్కపెట్టే వయసూ ఒకటే కావడం ఈ పద్ధతి మీద ఉన్న పెద్ద విమర్శల్లో ఒకటి.

## "మా దగ్గర ఎనభై శాతం మందికి వస్తుంది"

ఇంటర్వ్యూలో టెన్యూర్ ఎంతమందికి వస్తుందని అడిగితే ఇలాంటి జవాబు వస్తుంది. అబద్ధం చెప్పకపోవచ్చు. కానీ దేన్ని దేనితో భాగించారన్నది చూడాలి.

ఒక కాలేజీ కొన్నేళ్లలో పది మందిని టెన్యూర్ ట్రాక్‌లో తీసుకుందనుకుందాం. మూడో ఏడాది సమీక్ష బాగా లేక ఇద్దరు వెళ్లిపోయారు. "నీ ఫైలు బలంగా లేదు, వేరే చోట చూసుకో" అని సీనియర్లు మెల్లగా చెబితే ఒకరు, మంచి అవకాశం వచ్చి ఇంకొకరు మానేశారు. మిగిలిన ఆరుగురు ఆరో ఏట ఫైలు పెట్టారు, ఐదుగురికి వచ్చింది. ఫైలు పెట్టినవాళ్లలో చూస్తే ఆరుకి ఐదు, అంటే 83 శాతం. చేరినవాళ్లలో చూస్తే పదికి ఐదు, సరిగ్గా సగం. రెండు లెక్కలూ నిజమే. చేరబోయే మనిషికి పనికొచ్చేది రెండోది. విభాగం వాళ్ల నోట వచ్చేది ఎక్కువగా మొదటిది.

విభాగం వెబ్‌సైట్‌లో పాత పేజీలు తిరగేసి, ఏడెనిమిదేళ్ల కిందట అసిస్టెంట్ ప్రొఫెసర్లుగా ఉన్నవాళ్ల పేర్లు ఇప్పటి జాబితాలో ఉన్నాయో లేదో చూసేవాళ్లున్నారు. నేనూ చూశాను. కొంచెం ఇబ్బందిగా అనిపించిన మాట నిజం, కానీ నేను విన్న శాతాలన్నిటికంటే అదే ఎక్కువ చెప్పింది.

## తొమ్మిది నెలల జీతం, బయటి నిధులు

"తొమ్మిది నెలల నియామకం" అని చదివి, మూడు నెలలు ఇంటికి పంపేస్తారేమోనని కంగారు పడేవాళ్లున్నారు. విషయం అది కాదు. యూనివర్సిటీ ఒప్పుకున్న జీతం తొమ్మిది నెలల పనికి. దాన్ని పన్నెండు నెలలకు సర్ది ఇచ్చే చోట్లూ ఉన్నాయి. వేసవిలో చేసే పరిశోధనకు జీతం కావాలంటే అది గ్రాంటులోంచి రావాలి.

ఒప్పుకున్నది 99,000 డాలర్లు అనుకుంటే నెలకు 11,000 పడుతుంది. అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్, అంటే ఎన్ఎస్ఎఫ్, తన గ్రాంట్లన్నీ కలిపి ఏడాదికి సాధారణంగా రెండు నెలల జీతం వరకే అనుమతిస్తుంది. అలా 22,000 కలిస్తే ఏడాదికి 1,21,000. గ్రాంటు లేని ఏడాది మళ్లీ 99,000కి దిగుతుంది. మొదటి ఒకటి రెండు వేసవులకు యూనివర్సిటీయే స్టార్టప్ నిధి నుంచి ఇవ్వడం మామూలు. స్టార్టప్ అంటే ఇక్కడ కంపెనీ కాదు. ల్యాబ్ పరికరాలకు, మొదటి విద్యార్థుల స్టైపెండ్‌కు యూనివర్సిటీ ఇచ్చే ఒకసారి పెట్టుబడి. చాలా చోట్ల దాన్ని మూడేళ్లలోపు వాడుకోవాలి.

మూడేళ్లు అన్నది గమనించండి. స్టార్టప్ అయిపోయేదీ, మధ్యంతర సమీక్ష జరిగేదీ దాదాపు ఒకేసారి. ఆ లోపు గ్రాంటు రాకపోతే విద్యార్థికి డబ్బుండదు, విద్యార్థి లేకపోతే పేపర్లు రావు. "బయటి నిధులు" అన్న మాట అంత బరువైనదని అన్నది ఇందుకే. మానవీయ శాస్త్రాల్లో ఈ ఒత్తిడి తక్కువ, అక్కడ పుస్తకం అచ్చవ్వాలి. మెడికల్ కాలేజీల్లో మరీ ఎక్కువ. అక్కడ జీతంలో పెద్ద భాగం గ్రాంట్ల నుంచే రావాలనే చోట్ల, టెన్యూర్ వచ్చినా జీతం మొత్తానికి హామీ ఉండదు.

టెన్యూర్ ట్రాక్ అన్న పేరే కొన్ని తలుపులు తెరుస్తుంది. ఎన్ఎస్ఎఫ్ ఇచ్చే కెరీర్ అవార్డు అందుకు ఉదాహరణ. అది ఐదేళ్ల గ్రాంటు, ఇంజనీరింగ్‌లో కనీసం 5 లక్షల డాలర్లు. అది టెన్యూర్ ట్రాక్‌లో లేదా దానికి సమానమైన ఉద్యోగంలో ఉన్న అసిస్టెంట్ ప్రొఫెసర్లకే, అదీ మూడు ప్రయత్నాల లోపు. అమెరికా పౌరసత్వం అక్కర్లేదు కాబట్టి మనవాళ్లూ దీనికి పోటీ పడతారు.

## చూడటానికి ఒకేలా ఉండే వేరే పదవులు

రిసెర్చ్ అసిస్టెంట్ ప్రొఫెసర్ అని ప్రకటన వస్తుంది. అసిస్టెంట్ ప్రొఫెసరే కదా అనిపిస్తుంది. ముందున్న ఆ రిసెర్చ్ అన్న మాట వల్ల అది మామూలుగా టెన్యూర్ ట్రాక్ బయటి ఉద్యోగమవుతుంది. జీతం గ్రాంట్ల మీద నడుస్తుంది, గ్రాంటు ఆగితే ఉద్యోగమూ ఆగుతుంది. విజిటింగ్ అసిస్టెంట్ ప్రొఫెసర్ అంటే ఒకటి నుంచి మూడేళ్లు. టీచింగ్ ప్రొఫెసర్, లెక్చరర్, క్లినికల్, ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ వంటివి ఎక్కువగా పొడిగించదగిన కాంట్రాక్టులు. కొన్ని చోట్ల ఐదేళ్ల కాంట్రాక్టులు కూడా ఉంటాయి, అవి బాగా స్థిరమైనవే. అడ్జంక్ట్ అంటే కోర్సుకింత అని ఇచ్చేది. తెలుగు రాష్ట్రాల్లో గంటల లెక్కన చెప్పే గెస్ట్ ఫ్యాకల్టీని తెలిసినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు.

అసోసియేట్ ప్రొఫెసర్ అన్నంత మాత్రాన టెన్యూర్ ఉందనుకోవడమూ పొరపాటే. ఎంఐటీలో టెన్యూర్ లేని అసోసియేట్ ప్రొఫెసర్ అనే మెట్టు ఉంది. మన ప్రకటన చివర "అసోసియేట్ స్థాయిలో కూడా" అన్నారు, కానీ టెన్యూర్‌తోనా లేకుండానా అని చెప్పలేదు. వేరే చోట పని చేసి వచ్చేవాళ్లకు గడియారంలో ఒకటి రెండేళ్లు తగ్గించి ఇవ్వడం కూడా ఉంది. దాన్ని బహుమతిగా చూసేవాళ్లున్నారు, గడువు దగ్గర పడిందని భయపడేవాళ్లూ ఉన్నారు. ఏదైనా ప్రకటన కంటే ఆఫర్ లెటర్లో ఏ సంవత్సరం రాశారన్నదే లెక్క.

ఇక్కడ ఒక పెద్ద చిత్రం కూడా ఉంది. ఏఏయూపీ లెక్కల ప్రకారం 1987లో అమెరికా అధ్యాపకుల్లో 47 శాతం మంది టెన్యూర్, టెన్యూర్ ట్రాక్ రెండింటికీ బయట ఉండేవాళ్లు. 2021 నాటికి వాళ్లు 68 శాతమయ్యారు. ప్రకటనలో టెన్యూర్ ట్రాక్ అన్న రెండు మాటల కోసం వందల దరఖాస్తులు రావడానికి ఇదొక కారణం.

## వచ్చిన టెన్యూర్ ఎంత గట్టిది?

టెన్యూర్‌ను సమర్థించేవాళ్లు ఎడ్వర్డ్ రాస్ లాంటి కథలనే చూపిస్తారు. ప్రభుత్వానికో దాతలకో నచ్చని ఫలితాన్ని బయటపెట్టాలన్నా, పదేళ్లు పట్టే పెద్ద ప్రశ్నను తీసుకోవాలన్నా ఉద్యోగం పోతుందనే టెన్షన్ ఉండకూడదంటారు. ఇంకో వాదం అంతగా వినిపించదు కానీ నాకది బలంగా తోస్తుంది: కొత్తవాళ్లను ఎంపిక చేసేది పాత ప్రొఫెసర్లే. తమ ఉద్యోగానికి భద్రత లేకపోతే, తమకంటే తెలివైనవాళ్లను తీసుకోవడానికి వాళ్లు వెనకాడతారు.

వ్యతిరేకించేవాళ్లు, టెన్యూర్ వచ్చాక పని మానేసినవాళ్లను ఏమీ చేయలేమంటారు. ప్రజల డబ్బుతో నడిచే సంస్థలో జీవితకాల హామీ ఎందుకంటారు. ఇంకో వైపు నుంచి వచ్చే విమర్శ వేరే. స్వేచ్ఛ పేరుతో పెట్టిన పద్ధతే, ఎక్కువ ధైర్యం, శక్తి ఉండే వయసులో ఆరేళ్లు మనిషిని జాగ్రత్తగా, సీనియర్లకు నచ్చేలా నడుచుకోమని నేర్పిస్తోంది కదా అని. దీనికి సమర్థకుల దగ్గర సరైన జవాబు నేను వినలేదు.

ఈ వాదన కాగితాల్లోనే ఆగలేదు. విస్కాన్సిన్‌లో 2015లో రాష్ట్ర చట్టం నుంచి టెన్యూర్ హామీని తీసేసి పాలక మండలి విధానానికి వదిలేశారు. ఫ్లోరిడా 2022లో, టెన్యూర్ ఉన్నవాళ్లనూ ఐదేళ్లకోసారి సమీక్షించడానికి చట్టం చేసింది. టెక్సస్ 2023లో టెన్యూర్ ఉన్నవాళ్లను ఏ కారణాలతో తీసేయవచ్చో చట్టంలోనే రాసింది. 2023 సెప్టెంబరులో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ డబ్బు లోటు చూపి 28 మేజర్ కోర్సులను, 143 అధ్యాపక పోస్టులను తీసేయాలని నిర్ణయించింది. టెన్యూర్ ఉన్నవాళ్లూ అందులో ఉన్నారు. అందుకే ఇప్పుడు ప్రకటన కింద ఏ రాష్ట్రం పేరుందో కూడా చూస్తున్నారు.

## వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకో గడియారం

మన అభ్యర్థి భారత పౌరురాలు. ఆమెకు టెన్యూర్ గడియారం పక్కనే వీసా గడియారం కూడా నడుస్తుంది.

యూనివర్సిటీలు హెచ్-1బీ లాటరీ పరిధిలోకి రావు. అది పెద్ద వెసులుబాటు. కానీ హెచ్-1బీ మొత్తం ఆరేళ్లే, పోస్ట్‌డాక్‌లో హెచ్-1బీ మీద గడిపిన కాలం కూడా అందులో కలుస్తుంది. టెన్యూర్ ఫలితం వచ్చేది ఆరో ఏడాది చివర. గ్రీన్‌కార్డ్ పిటిషన్, అంటే ఐ-140, ఆమోదం పొంది ఉండి, మన వంతు ఇంకా రాకపోతే ఆరేళ్ల తర్వాత మూడేసి ఏళ్లు పొడిగిస్తారు. కాబట్టి టెన్యూర్ వచ్చేదాకా ఆగి గ్రీన్‌కార్డ్ సంగతి చూద్దాం అనేది ఈ లెక్కలో ఇమడదు.

ఇక్కడే టెన్యూర్ ట్రాక్ అన్న మాట మళ్లీ పనికొస్తుంది. గ్రీన్‌కార్డ్‌లలో ప్రముఖ ప్రొఫెసర్లు, పరిశోధకుల కోసం ఈబీ-1బీ అనే వర్గం ఉంది. యూనివర్సిటీ ఉద్యోగమైతే అది టెన్యూర్ ఉన్నదో, టెన్యూర్ ట్రాక్‌దో, లేదా దానికి సమానమైన గడువులేని పరిశోధన ఉద్యోగమో కావాలి. కనీసం మూడేళ్ల అనుభవం, అంతర్జాతీయ గుర్తింపుకు రుజువులూ కావాలి. అంటే టెన్యూర్ ఇంకా రాకపోయినా, వలస చట్టం దృష్టిలో టెన్యూర్ ట్రాక్ శాశ్వత ఉద్యోగం కిందికే వస్తుంది. మా నాన్న ప్రశ్నకు "అవును" అని జవాబిచ్చే చోటు నాకు ఇదొక్కటే దొరికింది.

గ్రీన్‌కార్డ్‌కు రెండో దారి బోధనా ఉద్యోగాలకున్న ప్రత్యేక లేబర్ సర్టిఫికేషన్, అంటే కార్మిక శాఖ ఇచ్చే ఆమోదం. మామూలు ఉద్యోగాల్లో, కనీస అర్హత ఉన్న అమెరికన్ ఎవరూ దొరకలేదని చూపించాలి. కాలేజీ అధ్యాపకుల విషయంలో, వచ్చినవాళ్లలో ఈమే అందరికంటే అర్హురాలు అని చూపిస్తే చాలు. షరతు ఏమిటంటే, ఎంపిక జరిగిన 18 నెలల్లోపు దరఖాస్తు వేయాలి, పోస్టును జాతీయ స్థాయి వృత్తి జర్నల్లో ప్రకటించి ఉండాలి. ఆ జర్నల్ వెబ్‌సైట్‌లోనే వేస్తే కనీసం 30 రోజులు ఉంచాలి. మనం దరఖాస్తు కోసం చదివిన ప్రకటనే రేపు ఆ ఫైల్లో రుజువుగా ఉంటుంది. 2026 వసంతంలో ఎంపికైన మనిషికి ఆ 18 నెలలు 2027 శరదృతువుకే అయిపోతాయి. గడువు దాటితే యూనివర్సిటీ ఆ పోస్టుకు మళ్లీ ప్రకటన ఇచ్చి, ఎంపికంతా మళ్లీ నడపాలి. కొత్తగా చేరినవాళ్లు మొదటి సెమిస్టర్‌లో, పాఠాల హడావిడిలో, అంతర్జాతీయ ఉద్యోగుల కార్యాలయం నుంచి వచ్చే ఈమెయిల్‌ను పక్కన పెట్టేది సరిగ్గా ఆ నెలల్లోనే.